ఇంట్లో ఆఫీసుకి ఎంతవుతుంది? - ఓ లెక్క

"ఇంట్లో ఆఫీసు పెట్టుకోడానికి ఎంతవుతుందిరా?" అని ఈ మధ్య ఓ నలుగురైదుగురు స్నేహితులు అడిగారు. అడిగిన ప్రతివాడి దగ్గరా ఒక జవాబు ముందే తయారుగా ఉంది. టేబుల్ పదివేలు, కుర్చీ పదివేలు, నెట్టు నెలకో వెయ్యి, "కరెంటుదేముందిలే, ఓ రెండొందలు". అయిపోయింది. ఎక్సెల్లో నాలుగు వరసలు, కింద ఓ టోటల్. మన ప్రాజెక్టు ఎస్టిమేట్లు కూడా ఇలాగే వేస్తాం కాబట్టి ఆశ్చర్యమేం లేదు. :)

నేను హైదరాబాదులో రూము ఖాళీ చేసి హనుమకొండలో అమ్మానాన్నల దగ్గరికి వచ్చేశాను. కంపెనీ పూర్తిగా ఇంటినుంచే పనికి ఒప్పుకుంది. ఒప్పుకుంటూ ఒక మెయిల్ పంపింది. ఏర్పాట్లకు ఒకేసారి 30,000, నెల నెలా 1,000. ఆ 30,000 రెండు రకాలుగా తీసుకోవచ్చు. జీతంలో కలిపి ఇచ్చేస్తారు, బిల్లులక్కర్లేదు, టాక్సు మాత్రం కోస్తారు. లేదా జీఎస్టీ బిల్లులు పెడితే టాక్సు లేకుండా అంత సొమ్మూ ఇస్తారు, కానీ ఆ సామాను కంపెనీ ఆస్తి, ఉద్యోగం మానేసిన రోజున వెనక్కి ఇచ్చెయ్యాలి. ఏది కావాలో వారంలో చెప్పమన్నారు. చెప్పాలంటే ముందు అసలు ఖర్చెంతో తెలియాలి కదా. అందుకని కూర్చుని లెక్క వేశాను. మెయిల్లో కంటికి కనపడే వస్తువుల లెక్క తొందరగానే తేలింది. తేలడానికి టైమ్ పట్టింది కరెంటు లెక్క. కాబట్టి వస్తువుల సంగతి ముందు చెప్పేసి, కరెంటు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

టేబుల్ విషయంలో అందరూ వెడల్పూ పొడుగూ చూస్తారు. చూడాల్సింది ఎత్తు. షాపుల్లో దొరికే టేబుళ్ళు దాదాపు అన్నీ 30 అంగుళాల ఎత్తుంటాయి. అది కూర్చుని కాగితం మీద రాసుకునే ఎత్తు, ఆరడుగుల మనిషికి సరిపోయే ఎత్తు. నేను అయిదడుగుల అయిదంగుళాలు. పాదాలు నేలకి పూర్తిగా ఆనించి కూర్చుని, చేతులు వదులుగా వేలాడేసి, మోచెయ్యి మడిచి దాని కింద టేపు పెట్టి కొలిస్తే నేలనుంచి 25 అంగుళాలు వచ్చింది. అంటే 30 అంగుళాల టేబుల్ నాకు అయిదంగుళాలు ఎత్తు. దాని మీద కీబోర్డు మందం అదనం. అప్పుడు రెండే మార్గాలు. భుజాలు పైకెత్తి టైపు చెయ్యడం (సాయంత్రానికి మెడ పట్టేస్తుంది), లేదా కుర్చీ పైకి లేపడం (కాళ్ళు గాల్లో వేలాడి తొడల కింద తిమ్మిరెక్కుతుంది).

ఇంకో చిన్న తిరకాసు ఉంది. ఆఫీసులో బూట్లతో కూర్చుంటాం. ఇంట్లో ఉత్తికాళ్ళతో. బూటు అడుగు మందం దాదాపు అంగుళం. ఆఫీసులో సరిగ్గా ఉన్న కుర్చీ ఎత్తు ఇంట్లో ఓ అంగుళం ఎక్కువైపోతుంది. కాబట్టి కొలిచేటప్పుడు ఉత్తికాళ్ళతోనే కొలుచుకోండి.

నేను టేబుల్ చేయించాను. వెల్డింగు షాపులో అంగుళంన్నర చదరపు గొట్టంతో ఫ్రేము, దాని మీద వడ్ల మేస్త్రితో ముప్పావు అంగుళం ప్లైవుడ్డు పలక. పొడుగు నాలుగడుగులు, వెడల్పు రెండు, మొత్తం ఎత్తు 27 అంగుళాలు. 25 ఎందుకు కాదంటే, పలక ముప్పావు అంగుళం, ఫ్రేము అంగుళంన్నర పోగా కింద తొడలకి చోటు ఉండాలి. 27లోంచి ఆ రెండూ తీసేస్తే 24.75 అంగుళాలు మిగులుతుంది, అది హాయిగా సరిపోయింది. కుర్చీ 17.5 దగ్గర పెట్టుకుని పాదాల కింద ఓ చెక్కముక్క వేసుకున్నా. ఫ్రేము 15 కిలోలు తూగింది, కిలో 140 లెక్కన 2,100. ప్లైవుడ్డు ముక్కగా అమ్మరు, సగం షీటు తీసుకోవాల్సిందే, అది 1,600. సన్‌మైకా 1,300, మేస్త్రి కూలి 1,200, అంచు పట్టీ, జిగురు, స్క్రూలు కలిపి 400, ఆటో 300. మొత్తం 6,900. మిగిలిన ప్లైవుడ్డు ముక్కతో అమ్మ పూజగదిలో అర కొట్టించుకుంది, ఆ లాభం ఇందులో కలపలేదు. వెల్డింగాయనకి ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి. కింద అడ్డపట్టీ వెనక వైపు వెయ్యాలి, మధ్యలో వేస్తే రోజూ మోకాళ్ళకి తగులుతుంది. చెప్పకపోతే మధ్యలోనే వేస్తారు, బలంగా ఉంటుందని.

కుర్చీ మాత్రం చేయించేది కాదు. కొత్తది మంచిది కావాలంటే 15,000 పైమాటే. 6,000కి దొరికే కొత్త కుర్చీలు ఏడాదిలో నడుం దగ్గర కుంగిపోతాయి. నేను హైదరాబాదులో వాడిన ఆఫీసు కుర్చీలు బాగుచేసి అమ్మే షాపులో 6,500కి తీసుకుని, 350 ఇచ్చి ఆర్టీసీ కార్గోలో వేయించాను. వాడిన కుర్చీలో చూడాల్సింది పైన గుడ్డ కాదు. లోపల గ్యాసు గొట్టం. కుర్చీని పైకంటా లేపి, సీటు అంచు ఎత్తు టేపుతో కొలిచి, పది నిమిషాలు కూర్చుని, లేచి మళ్ళీ కొలవండి. అర అంగుళం దిగితే ఆ గ్యాసు అయిపోవచ్చినట్టే. షాపాయన "మీ బరువుకు సార్" అంటాడు. బరువుకి స్పాంజి నొక్కుకుంటుంది, లేవగానే పైకొస్తుంది. గ్యాసు గొట్టం దిగితే లేచినా పైకి రాదు. ఇక చేతులు ఆనించుకునే పట్టీలు. వాటిని అట్టడుగుకు దించినప్పుడు నేలనుంచి ఎంత ఎత్తున్నాయో కొలవాలి. అవి నా టేబుల్ ఫ్రేము కింద 24.75 అంగుళాల్లో పట్టకపోతే కుర్చీ లోపలికి జరగదు. జరగకపోతే ముందుకు వంగి పని చేస్తాం. అప్పుడు ఎంత ఖరీదైన కుర్చీ అయినా వీపుకి తగలదు, స్టూలు మీద కూర్చున్నా ఒకటే.

మానిటర్ 24 అంగుళాలది 9,000. దాని గురించి చెప్పుకోడానికేం లేదు.

నెట్టు సంగతి. ఇంతకు ముందు మా ఇంట్లో లేదు, నాన్న ఫోన్ డేటాతోనే గడిపేవారు. కాబట్టి మొత్తం ఖర్చు నా ఖాతాలోదే. బోర్డు మీద 699 అని ఉంటుంది, 18 శాతం జీఎస్టీ కలిపితే 825. స్పీడు గురించి మనవాళ్ళు కొట్టుకుంటారు గానీ, వీడియో కాల్సుకీ, కోడు పంపడానికీ 100 ఎంబీపీఎస్ ఎక్కువే. నెట్టు పోయేది స్పీడు చాలక కాదు. స్తంభాల మీంచి వేలాడుతున్న ఫైబరు ఏ లారీయో తగిలి తెగితే పోతుంది. ఇంట్లో పెట్టెకి ఎల్‌ఓఎస్ అని ఓ లైటు ఉంటుంది. అది ఎర్రగా వెలిగిందా, కాంతి మీ ఇంటిదాకా రావడం లేదని అర్థం. అప్పుడు పెట్టెని ఆపి వెయ్యడం దండగ, ఫిర్యాదు పెట్టేసి ఫోన్ హాట్‌స్పాటుకి మారిపోవడమే. అందుకే బ్యాకప్‌గా ఇంకో ఫైబరు తీసుకోలేదు. మా వీధిలో రెండు కంపెనీల తీగలూ ఒకే స్తంభం మీంచి వస్తాయి, తెగితే రెండూ తెగుతాయి. అమ్మ ఫోను వేరే నెట్‌వర్కుది, దాంట్లో అదనపు డేటాకి నెలకి 200 వేసుకున్నా.

ఎల్‌ఓఎస్ లైటు మామూలుగానే ఉండి కాల్ మధ్య మధ్యలో గొంతు తెగిపోతుంటే, తప్పు బయటిదో మన వైఫైదో తేల్చుకోవాలి. రెండు విండోలు తెరిచి పక్కపక్కన ఇవి నడపండి. (రౌటర్ అడ్రసు మీది వేరే అయితే అది పెట్టుకోండి.)

```
ping -n 600 192.168.1.1
ping -n 600 8.8.8.8
```

పది నిమిషాలు పడుతుంది. మొదటిదాంట్లోనే ప్యాకెట్లు పోతుంటే తప్పు మన గోడలది, కంపెనీకి ఫోన్ చేసి అరిచి లాభం లేదు. మా ఇంట్లో హాల్లో రౌటర్, వెనకగదిలో నేను, మధ్యలో పాతకాలం మందపాటి గోడలు. మొదటిదాంట్లోనే పోయాయి. 500 పెట్టి కేబుల్ లాక్కున్నా, గొడవ వదిలింది.

కరెంటు పోతే? బంధువులంతా ఇన్వర్టర్ పెట్టించమన్నారు. బ్యాటరీతో కలిపి 22,000 చెప్పారు. ఆలోచిస్తే లాప్‌టాప్‌కి దాని బ్యాటరీ దానికుంది. ఆగిపోయేది రౌటర్ ఒక్కటే, అది తినేది పది పన్నెండు వాట్లు. దానికి 12 వోల్టుల చిన్న యూపీఎస్‌లు 1,600కి వస్తాయి. పెట్టె మీద ఎంఏహెచ్ చూసి మురిసిపోకండి. లోపల 2000 ఎంఏహెచ్ సెల్సు నాలుగుంటే, ఒక్కో సెల్లు 3.7 వోల్టులు కాబట్టి మొత్తం 30 వాట్-అవర్లు. నష్టాలు పోగా 25 మిగులుతుంది. పది వాట్ల రౌటర్‌ని రెండున్నర గంటలు మోస్తుంది. మాకు కోతలు అంతకంటే తక్కువే. కొనేముందు రౌటర్ అడాప్టర్ మీద రాసున్న వోల్టులూ ఆంపియర్లూ యూపీఎస్‌తో సరిపోయాయో లేదో మాత్రం చూసుకోండి. పైగా ఇన్వర్టర్ ఉత్తపుణ్యానికి ఇరవై నాలుగ్గంటలూ కొంత కరెంటు తింటూనే ఉంటుంది. 20 వాట్లనుకున్నా నెలకి 14 యూనిట్లు. ఈ 14 యూనిట్లేం పెద్ద లెక్కా అనుకుంటున్నారా? అక్కడికే వస్తున్నా.

ఇంటినుంచి పని చేసేవాడు రోజుకి తొమ్మిది గంటలు, నెలకి 22 రోజులు, అంటే దాదాపు 200 గంటలు కూర్చుంటాడు. యూనిట్ అంటే 1000 వాట్-అవర్లు. 1000ని 200తో భాగిస్తే 5. అంటే పనివేళల్లో నడిచే ప్రతి 5 వాట్లకూ నెలకి ఒక యూనిట్. ఈ ఒక్క ముక్క గుర్తుంటే కాలిక్యులేటర్ అక్కర్లేదు. లాప్‌టాప్, మానిటర్ కలిపి 60 వాట్లు, 12 యూనిట్లు. మామూలు సీలింగు ఫ్యాను 75 వాట్లు, 15 యూనిట్లు. ట్యూబులైటు 20 వాట్లు, 4 యూనిట్లు. రౌటర్ 12 వాట్లే గానీ రోజంతా వెలుగుతుంది కాబట్టి 9 యూనిట్లు. మొత్తం 40. గమనించారా, కంప్యూటరు కంటే ఫ్యాను ఎక్కువ తింటోంది.

ఈ వాట్లు నేను పెట్టెల మీద చూసి రాయలేదు. లాప్‌టాప్ అడాప్టర్ మీద 65 అని ఉంటుంది, అది ఇవ్వగలిగిన గరిష్ఠం, తినేది కాదు. నిజంగా ఎంతో తెలియాలంటే ఇంటి బయట కరెంటు మీటరే చెప్తుంది. దాని మీద ఒక ఎర్రలైటు మినుక్కుమంటూ ఉంటుంది. పక్కనే ఒక యూనిట్‌కి ఎన్ని మెరుపులో రాసుంటుంది, మా మీటరుకి 3200. ఫ్రిజ్జుతో సహా అన్నీ ఆపేసి, మీ గది ఒక్కటే నడుస్తుండగా పది మెరుపులకి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి.

```
వాట్లు = (మెరుపులు × 3600 × 1000) / (3200 × సెకన్లు)
```

మా గదికి పది మెరుపులకి 67 సెకన్లు పట్టింది. అంటే 168 వాట్లు. ఫ్యాను ఆపేస్తే 122 సెకన్లు, 92 వాట్లు. తేడా 76, అది ఫ్యాను. నేను గేటు దగ్గర ఫోన్లో స్టాప్‌వాచ్ పట్టుకుని మీటరు వంక చూస్తుంటే ఎదురింటి అంకుల్ "ఏమైందిరా, కరెంటాఫీసుల జాయినైనవా?" అన్నారు.

సరే, 40 యూనిట్లు. యూనిట్ అయిదు రూపాయలనుకుంటే 200. మనవాళ్ళ "ఓ రెండొందలు" ఇక్కడినుంచే వచ్చింది. ఇప్పుడు తెలంగాణ శ్లాబులు చూడండి. 2022లో పెంచిన రేట్ల ప్రకారం, నెలకి 200 యూనిట్ల లోపు వాడే ఇంటికి (100 దాటితే) మొదటి 100 యూనిట్లు 3.40 చొప్పున, తర్వాతి 100 యూనిట్లు 4.80 చొప్పున. 200 దాటారా, ఇల్లు వేరే వర్గంలోకి వెళ్ళిపోతుంది. అప్పుడు మొదటినుంచీ 200 యూనిట్లూ 5.10, 201 నుంచి 300 దాకా 7.70, ఆ పైన 400 దాకా 9 రూపాయలు. అంటే దాటిన యూనిట్లకే కాదు, అంతకు ముందు వాడిన వాటికీ రేటు మారిపోతుంది. లెక్క వేస్తే 200 యూనిట్లకి 820 రూపాయలు. 201కి 1,027 రూపాయల 70 పైసలు. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయలు! (కస్టమర్ ఛార్జీ, ఫిక్సుడు ఛార్జీ, డ్యూటీ లాంటివి పక్కన పెట్టాను. ఆంధ్రా వాళ్ళ శ్లాబులు వేరు, మీ బిల్లు చూసుకుని మీ అంకెలు వేసుకోండి.)

నేను రాకముందు ఆగస్టులో మా ఇంటి వాడకం 165 యూనిట్లు, కరెంటు ఛార్జీ 652. దానికి నా 40 కలిపితే 205. దాటింది అయిదు యూనిట్లే, కానీ ఛార్జీ 1,058. పెరిగింది 406. నా 40 యూనిట్లూ ఒక్కోటి పది రూపాయల పైన పడ్డట్టు. అనుకున్నదానికి రెట్టింపు. ఇదే ఇల్లు ఇంతకు ముందు 120 యూనిట్లు వాడేదయితే నా 40కి 192 రూపాయలే అయ్యేది. కాబట్టి "ఇంటినుంచి పనికి కరెంటెంత?" అన్నదానికి ఒక జవాబంటూ లేదు. మీరు రాకముందు ఆ ఇల్లు ఎన్ని యూనిట్ల దగ్గర ఉందన్నదే జవాబు. ఇక గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు వస్తున్న ఇళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. ఆ పథకం 2024 నుంచి తెల్లకార్డుల వాళ్ళకి ఉంది, 200 దాటిన నెలలో మొత్తం బిల్లు కట్టాల్సిందే. ఊర్లో అమ్మానాన్నల ఇంటికి లాప్‌టాప్ పట్టుకుని వెళ్ళే కొడుకు వల్ల సున్నా బిల్లు కాస్తా వెయ్యి దాటిపోవచ్చు. వెళ్ళేముందు పాత బిల్లులు ఓ ఆరు తీసి చూడండి.

ఇప్పుడు చెయ్యగలిగిందేంటి? ఫ్యాను. బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లు తింటుంది, నా గదిది మారిస్తే 45 వాట్లు తగ్గి 9 యూనిట్లు మిగులుతాయి. 205 కాస్తా 196 అవుతుంది. ఛార్జీ 1,058 నుంచి 801కి పడిపోతుంది. 3,000 పెట్టి కొన్న ఫ్యాను ఆ నెలలో 257 రూపాయలు మిగిల్చింది. కానీ 196 అంటే గోడ అంచున నడిచినట్టే. చుట్టాలొచ్చి ఓ రోజు మోటారు ఇంకోసారి వేస్తే మళ్ళీ దాటుతుంది. అందుకని హాల్లో ఫ్యాను కూడా మార్చాను. అది రోజుకి 14 గంటలు తిరుగుతుంది, 19 యూనిట్లు తగ్గాయి. లెక్క 177కి వచ్చింది, 710 రూపాయలు. పాత 652కి ఇప్పుడు నా వల్ల పెరిగింది 58 మాత్రమే. నా ఆఫీసు ఖర్చు తగ్గించింది నా గదిలో లేని ఫ్యాను!

ఎండాకాలం ఈ తెలివితేటలేం పనిచెయ్యవు. కూలర్ వల్ల మే నెలలో ఇల్లు ముందే 250 దగ్గర ఉంటుంది. మధ్యాహ్నం పన్నెండు నుంచి అయిదు దాకా నా గదిలో ఏసీ కావాలి. మీటరు మెరుపులతో కొలిస్తే మా ఒక టన్ను ఏసీ గంటకి 0.8 యూనిట్లు తిన్నది, 22 రోజులకి 90 దాకా. ఫ్యాన్ల తగ్గింపు పోగా మొత్తం 352 యూనిట్లు, 2,258 రూపాయలు. నేను లేకపోతే 1,405. తేడా 853.

ఈ తేడా ఎవరు కడతారన్నది అసలు సంగతి. మా స్నేహితుడొకడు "నీకు హైదరాబాదులో రూము అద్దె మిగులుతోంది కదరా, దీనికింత గొడవేంటి" అన్నాడు. నిజమే, అద్దె మిగిలింది నాకు. బిల్లు పెరిగింది నాన్నకి. ఆయన పెన్షన్‌లోంచి కడతారు. మే మొదటి వారంలో బిల్లు వచ్చింది. ఆ మర్నాడు మధ్యాహ్నం మంచినీళ్ళకని హాల్లోకి వస్తే నాన్న కూలర్ ఆపేసి, బనీనుతో కిటికీ పక్కన పేపరుతో విసురుకుంటూ కూర్చున్నారు.

"కూలర్ ఎందుకు బంద్ చేసిన్రు నాన్నా?"

"ఏం గాదురా, ఇయ్యాల గాలి మంచిగనే వస్తాంది. నువ్వు పో, మీటింగున్నదంటివి గద."

బయట 43 డిగ్రీలు. డబ్బులిస్తానంటే తీసుకోరు, "నీ దగ్గర కిరాయి తీసుకుంటానా?" అంటారు. అమ్మ చేత చెప్పించినా అంతే. చివరికి పాత బిల్లు మీంచి మా ఇంటి యూనిక్ సర్వీసు నంబరు ఫోన్లో ఎక్కించుకుని, మీటరు మనిషి బిల్లు కొట్టిన రోజునే నేను కట్టేస్తున్నాను. మొదటి నెల నాన్న కట్టడానికి చూస్తే బాకీ ఏం లేదని వచ్చిందట. సాయంత్రం ఏమీ అనలేదు. మర్నాటినుంచి కూలర్ తిరుగుతోంది.

మొత్తం కూడితే, ఒకేసారి పెట్టింది టేబుల్, కుర్చీ, మానిటర్, చిన్న యూపీఎస్, కేబులు, రెండు ఫ్యాన్లు కలిపి 30,850. నెల నెలా నెట్టు 825, అదనపు డేటా 200. కరెంటుకి ఎండాకాలం మూడు నెలలు 853 చొప్పున, మిగతా తొమ్మిది నెలలు చలికాలం ఎచ్చుతగ్గులు కూడా కలుపుకుని వంద చొప్పున వేస్తే సగటున నెలకి 290. అంటే 1,315. వస్తువుల అరుగుదల కూడా వెయ్యాలి. టేబుల్ పదేళ్ళు, కుర్చీ, మానిటర్ అయిదేళ్ళు, ఫ్యాన్లు ఎనిమిదేళ్ళు, యూపీఎస్ బ్యాటరీ రెండేళ్ళు వస్తాయనుకుంటే నెలకి ఇంకో 450. మొత్తం మీద నెలకి 1,770 దాకా. కంపెనీ ఇచ్చే 1,000 టాక్సు పోగా చేతికి 792 వస్తుంది.

ఇక ఆ 30,000 ఎలా తీసుకోవాలన్న ప్రశ్న. నాది 20 శాతం శ్లాబు, దాని మీద సెస్సు 4 శాతం, కలిపి 20.8. జీతంలో కలిపి ఇస్తే చేతికొచ్చేది 23,760. బిల్లులు పెడితే టాక్సు లేదు, నిజమే. కానీ నాకు జీఎస్టీ బిల్లు ఉన్నవి కుర్చీ, మానిటర్, యూపీఎస్, కేబులు, అంతే, 17,600. ఫ్యాన్లు వాళ్ళ జాబితాలోనే లేవు. టేబుల్ బిల్లు వెల్డింగాయన పెళ్ళిపత్రిక వెనక పెన్సిలుతో రాసిచ్చాడు. పైగా ఉద్యోగం మారితే కుర్చీని మళ్ళీ ఆర్టీసీ కార్గోలో వెనక్కి పంపాలి. కాబట్టి టాక్సు కోసుకుని మిగతాది ఇచ్చెయ్యమన్నాను. కొనేవన్నీ పెద్ద షాపులోనో ఆన్‌లైన్‌లోనో బిల్లుతో తీసుకునేవాళ్ళకి, 30 శాతం శ్లాబులో ఉన్నవాళ్ళకి రెండోదే లాభం. మీ అంకెలు పెట్టి చూసుకోండి.

మేనేజరుకి ఈ లెక్కంతా పంపాను. పై ఏడాది నెలవారీ 1,000ని పెంచేటప్పుడు చూస్తామన్నారు. పంపిన షీటులో ఆయనకి అర్థం కాని వరస ఒక్కటే. "హాల్లో ఫ్యాను - 3,000" అని ఉంది, అదెందుకు అని అడిగారు. శ్లాబుల పట్టిక జతచేసి మళ్ళీ మెయిల్ పెట్టాను, ఇంకా జవాబు రాలేదు.